గంటకు వంద నిమిషాలు లేవు: స్కాన్ చేసిన మస్టర్ నుంచి ఓటీ లెక్క తీయడం

మస్టర్‌లో 9.15 అని రాసి ఉంది. మేము కంప్యూటర్‌లో 9.15 అనే ఎక్కించాం. ఆ వారం ఆరు రోజులూ అలాగే ఎక్కించి, కింద మొత్తం వేసి, ప్రింట్ తీసి, పారిశుధ్య కార్మికుల ముందు పెట్టాం. వాళ్లలో ఒక పెద్దామె చదువుకోలేదు. పక్కనున్న అమ్మాయి చేత తన వరుస చదివించుకుంది. విని, మాలో లెక్క వేసిన కుర్రాడి వైపు తిరిగి, "సోమవారం నేను తొమ్మిదింపావు గంటలు చేశాను బాబూ. పావంటే పావలా కదా, ఇరవై అయిదు పైసలు. నువ్వు పదిహేను పైసలే కట్టావేంటి?" అంది.

ఆమె చెప్పిందే సరైన లెక్క. డిగ్రీలు చదివిన మా నలుగురికీ అది తట్టలేదు.

ఇది కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీ సంగతి. పనిచేసేవాళ్లు ఇప్పటికీ అక్కడే చేస్తున్నారు కాబట్టి ఊరి పేరు, ఏజెన్సీ పేరు రాయడం లేదు. వాళ్లు దాదాపు అందరూ మాల, మాదిగ, రెల్లి పేటల నుంచి వచ్చినవాళ్లే. ఓటీ డబ్బులు సరిగా రావడం లేదన్నది వాళ్ల ఫిర్యాదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఆఫీసు వాళ్లు మస్టర్ పేజీలను స్కాన్ చేసి ఇచ్చారు. అందులో మేస్త్రీ చేతిరాతతో నాలుగు నిలువు వరుసలున్నాయి: తేదీ, వచ్చిన టైం, వెళ్లిన టైం, మొత్తం గంటలు. ఇలాంటి కాగితాలు చాలామంది కార్యకర్తల చేతికి వస్తాయి. వాటిని లెక్కకు పనికొచ్చే అంకెలుగా ఎలా మార్చాలో, ఎక్కడ బోల్తా పడతామో మేము పడి నేర్చుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ పెద్దామె వారం చూడండి. మస్టర్‌లో ఎలా ఉందో అలాగే ఇస్తున్నాం.

| రోజు | వచ్చింది | వెళ్లింది | మొత్తం |
|---|---|---|---|
| సోమ | 5.00 | 2.15 | 9.15 |
| మంగళ | 5.10 | 2.00 | 8.50 |
| బుధ | 5.00 | 2.40 | 9.40 |
| గురు | 5.05 | 1.50 | 8.45 |
| శుక్ర | 5.00 | 2.35 | 9.35 |
| శని | 9.30 | 7.00 | 9.30 |

చివరి నిలువు వరుసను క్యాలిక్యులేటర్‌లో కూడితే 54.15 వస్తుంది. ఏజెన్సీ వాళ్లు పేజీ కింద రాసిందీ 54.15 అనే. మా మొదటి షీట్‌లో వచ్చిందీ అదే. రెండూ కలిసేసరికి లెక్క సరిపోయిందనుకున్నాం. నిజానికి ఇద్దరం ఒకే తప్పు చేశాం.

మస్టర్‌లో 9.15 మధ్యనున్న చుక్క దశాంశ బిందువు కాదు. గంటల్నీ నిమిషాల్నీ విడదీయడానికి మేస్త్రీ పెట్టిన గుర్తు మాత్రమే. ఎడమవైపు గంటలు, కుడివైపు నిమిషాలు. అరవై నిమిషాలకు గంట నిండుతుంది. క్యాలిక్యులేటర్ మాత్రం చుక్క తర్వాతి అంకె వంద దాటాకే ఒకటి పైకి తీసుకెళ్తుంది. ఈ వారంలో విడి నిమిషాలు 15, 50, 40, 45, 35, 30. మొత్తం 215. అసలు లెక్కలో 215 నిమిషాలంటే 3 గంటల 35 నిమిషాలు. క్యాలిక్యులేటర్ లెక్కలో 2.15. గంటల వైపు 52 ఉంది. కాబట్టి ఆమె చేసిన పని 55 గంటల 35 నిమిషాలు, 54.15 కాదు.

పాత తరానికి ఇది కొత్త కాదు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు రాకముందు రూపాయికి పదహారు అణాలు. అయిదు రూపాయల ఎనిమిది అణాలను 5.8 అని రాస్తే ఎవరైనా నవ్వేవారు, అది అయిదున్నర కాబట్టి. డబ్బుకు దశాంశ పద్ధతి వచ్చింది, గడియారానికి రాలేదు. మన మాటల్లో మాత్రం దశాంశ గంటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. పావు అంటే 0.25, అర అంటే 0.50, ముప్పావు అంటే 0.75. గురువారం 8.45ను ఎవరైనా ఎనిమిది ముప్పావు అంటారు. అంటే 8.75 గంటలు. మార్చే సూత్రం అంతే: నిమిషాలను అరవైతో భాగించి గంటలకు కలపాలి. 9.40 అంటే 9 మీద 40/60, అంటే 9.67. 8.50 అంటే 8.83.

ఈ తేడా ఎంత డబ్బు అవుతుందో చూద్దాం. వారానికి 48 గంటలు దాటిన పనికి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలన్న లెక్క 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ, కనీస వేతనాలపై 1950లో వచ్చిన కేంద్ర నియమాల్లోనూ ఉండేది. ఓటీ రేటు రెట్టింపుకు తగ్గకూడదని 2019 వేతనాల కోడ్ కూడా అంటుంది. ఏ పనికి, ఏ కాలానికి, రోజు లెక్కా వారం లెక్కా, ఏది వర్తిస్తుందన్నది లాయరు తేల్చాలి. ఇక్కడ వారం లెక్కే తీసుకుంటున్నాం. ఉదాహరణకు గంటకు 60 రూపాయల కూలి అనుకోండి, ఓటీ గంటకు 120. సరైన లెక్కలో ఆమె ఓటీ 7 గంటల 35 నిమిషాలు, అంటే 7.583 గంటలు. రావలసింది 910 రూపాయలు. ఏజెన్సీ లెక్కలో ఓటీ 6.15 గంటలు, ఇచ్చింది 738. ఒక మనిషికి ఒక వారంలో 172 రూపాయలు తగ్గింది.

ఇంకో మాట. మొత్తాలు కూడేటప్పుడు ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపు వాలుతుంది. ప్రతి నిమిషాన్నీ గంటలో అరవయ్యో వంతుగా కాక వందో వంతుగా లెక్కిస్తుంది కాబట్టి విడి నిమిషాల్లో నూటికి నలభై వంతు పోతుంది. పోయేది ఎప్పుడూ కార్మికులదే. కావాలనే చేశారా, తెలియక చేశారా అన్నది కాగితం చెప్పదు. మేమూ అదే తప్పు చేశాం కాబట్టి ఆ ఆరోపణ మా పిటిషన్‌లో పెట్టలేదు. లెక్క మాత్రం పెట్టాం.

48 గంటల సంగతి వచ్చింది కాబట్టి గుర్తు చేస్తున్నాం. ఫ్యాక్టరీల్లో వారానికి 54గా ఉన్న పరిమితిని 48కి దించిన 1946 సవరణ వచ్చినప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేద్కరే.

ఇక కంప్యూటర్ పని. స్కాన్ పేజీ అంటే బొమ్మ. దాన్ని అంకెలుగా మార్చాలంటే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి, లేదా కూర్చుని చేత్తో ఎక్కించాలి. చేతిరాత మస్టర్‌కు ఓసీఆర్ అంతంతమాత్రమే. మేము సగం పేజీలు దానికిచ్చి, మిగతావి చేత్తో ఎక్కించాం. రెండు దారుల్లోనూ తప్పులొచ్చాయి, కాకపోతే వేర్వేరు రకాలవి. ఎలా ఎక్కించినా ముందు చేయాల్సింది ఒకటుంది. ఎక్సెల్‌లో ఆ నిలువు వరుసలను టెక్స్ట్‌గా ఫార్మాట్ చేసి, ఆ తర్వాతే అంకెలు వేయాలి. లేకపోతే 9.40 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని చివరి సున్నాను మింగేసి 9.4 చేస్తుంది. తర్వాత చూసేవాళ్లకు అది తొమ్మిది గంటల నలభయ్యా, తొమ్మిది గంటల నాలుగు నిమిషాలా తెలియదు. గీత పెట్టి 5-10 అని కొడితే ఇంకా ఘోరం, అక్టోబర్ 5 అనుకుని తేదీగా మార్చేస్తుంది.

టెక్స్ట్‌గా ఎక్కిన తర్వాత అన్నిటినీ నిమిషాలుగా మార్చడం మేలు. దశాంశాల్లోకి నేరుగా వెళ్తే 9.6666 లాంటివి వచ్చి, ఎక్కడ సవరించాలన్న గొడవ మొదలవుతుంది. నిమిషాలు పూర్ణ సంఖ్యలు, వాటితో ఆ గొడవ ఉండదు. A లో తేదీ, B లో వచ్చిన టైం, C లో వెళ్లిన టైం, D లో మస్టర్ రాసిన మొత్తం ఉన్నాయనుకుంటే, B ని నిమిషాలుగా మార్చి E లో పెట్టే సూత్రం ఇది:

```
=VALUE(LEFT(B2,FIND(".",B2)-1))*60+VALUE(MID(B2,FIND(".",B2)+1,2))
```

చుక్కకు ముందున్నదాన్ని అరవైతో గుణించి, తర్వాతి రెండంకెలు కలుపుతుంది. 9.40 ఇస్తే 580 వస్తుంది. ఇదే సూత్రాన్ని పక్క గడుల్లోకి లాగితే C నిమిషాలు F లోకి, D నిమిషాలు G లోకి వస్తాయి. చుక్క లేని గడి దగ్గర ఎర్రర్ చూపిస్తుంది. అది మంచిదే, 9.15ను ఓసీఆర్ 915 అని చదివిన చోట్లన్నీ అలాగే బయటపడతాయి. ఇంకో చిన్న కాపలా కూడా కావాలి, చుక్క తర్వాత సరిగ్గా రెండంకెలు ఉన్నాయా అని:

```
=LEN(B2)-FIND(".",B2)
```

ఇది 2 రాని ప్రతి గడినీ స్కాన్‌తో పోల్చాలి.

ఎవరో ఇప్పటికే సంఖ్యలుగా ఎక్కించేసిన షీట్ మీ చేతికొస్తే, చివరి సున్నా పోయిందే తప్ప మరే గందరగోళమూ లేదని తేలితే, ఎక్సెల్‌లోనే ఒక సిద్ధమైన సూత్రం ఉంది. `=DOLLARDE(9.4,60)` అంటే 9.667 ఇస్తుంది. పేరులో డాలర్ ఎందుకంటే, ధరలను పదహారో వంతుల్లాంటి భిన్నాల్లో రాసే పద్ధతి కోసం పెట్టింది. మన అణాల కథే.

తర్వాత వచ్చిన టైం, వెళ్లిన టైం. మస్టర్‌లో 5.00, 2.15 అని ఉంటుంది. పొద్దునా మధ్యాహ్నమా రాయరు. రాసేవాడికీ చూసేవాడికీ తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. 2.15లోంచి 5.00 తీసేస్తే ఋణ సంఖ్య వస్తుంది. ఎక్సెల్‌లో రాత్రి షిఫ్టుల కోసం వాడే మామూలు కిటుకు 24 గంటల చుట్టు మీద నడుస్తుంది. దాన్ని ఇక్కడ వాడితే సోమవారం పని 21 గంటల 15 నిమిషాలు అని తేలుతుంది. మస్టర్ గడియారం 12 గంటలది కాబట్టి మనమూ 12 గంటల చుట్టు మీదే తీసేయాలి. 12 గంటలంటే 720 నిమిషాలు:

```
=MOD(F2-E2,720)
```

సోమవారం 135 లోంచి 300 తీస్తే ఋణ 165. దానికి 720 కలిపితే 555, అంటే 9 గంటల 15 నిమిషాలు. శనివారం రాత్రి 9.30కి ఎక్కి మర్నాడు పొద్దున 7.00కి దిగిన షిఫ్టు కూడా దీనితోనే తేలుతుంది. 420 లోంచి 570 తీస్తే ఋణ 150, 720 కలిపితే 570, తొమ్మిదిన్నర గంటలు. అర్ధరాత్రి దాటిందా లేదా అని విడిగా చూడక్కర్లేదు. 12.30కి దిగినా ఇబ్బంది లేదు.

కానీ దీనికో పరిమితి ఉంది, అది చిన్నది కాదు. పన్నెండు గంటలు దాటిన పనిని ఈ సూత్రం చూడలేదు. పండగ ముందు రోజో, మంత్రి వచ్చిన రోజో డబుల్ డ్యూటీ వేస్తారు. పొద్దున 5.00కి ఎక్కి సాయంత్రం 6.30కి దిగితే పదమూడున్నర గంటలు. సూత్రం గంటన్నర అంటుంది. సరిగ్గా పన్నెండు గంటలు చేసిన మనిషికి సున్నా చూపిస్తుంది. ఎక్కువ ఓటీ రావలసిన రోజే లెక్కలోంచి మాయమవుతుంది. కాబట్టి ఈ సూత్రం ఫలితాన్ని ఒంటరిగా నమ్మకూడదు. మస్టర్‌లో మొత్తం గంటల నిలువు వరుస ఉండటం ఇక్కడే ఆదుకుంటుంది. సూత్రం ఇచ్చింది H లో పెట్టి, G లోంచి H తీసేయండి. అన్నీ సరిగా ఉంటే సున్నా రావాలి.

మా షీట్‌లో చాలా వరుసలు సున్నా ఇచ్చాయి. ఇవ్వనివే అసలు పని. తేడా ఎంత వచ్చిందన్నదే ఏం జరిగిందో చాలావరకు చెప్పేస్తుంది. తేడా 720 వస్తే అది డబుల్ డ్యూటీ, మస్టర్ మొత్తమే సరైనది. ఒక్క వరుసలో మాత్రం 30 లేదా 60 తేడా వస్తే ఎక్కువగా అంకె తప్పు చదవడమే. మా పేజీల్లో 2.40ను ఓసీఆర్ 2.10 అని చదివింది, నాలుగు పైభాగం వెలిసిపోయి. ఒక మనిషికి నెలంతా ప్రతి రోజూ సరిగ్గా 30 తేడా ఉంటే అది తప్పు కాదు, నియమం. భోజనానికి అరగంట కోసేస్తున్నారన్నమాట. ఆ అరగంట నిజంగా ఇచ్చారా, కోయడం న్యాయమేనా అన్నది వేరే ప్రశ్న. కానీ ఆ ప్రశ్న అడగాలని మనకు తెలిసేది ఈ తేడాలోంచే.

మనల్ని ఎక్కువ మోసం చేసేది డిట్టో గుర్తు. పై వరుసలో 5.00 ఉంటే కింద రెండు చిన్న గీతలు పెట్టి వదిలేస్తారు. ఓసీఆర్ ఆ రెండు గీతల్ని 11 అని చదువుతుంది. 11 గంటలకు డ్యూటీ ఎక్కడం అసాధ్యమేమీ కాదు కాబట్టి కంటికి తేడా తెలియదు. చుక్క లేదు కాబట్టి మా సూత్రం ఎర్రర్ ఇచ్చి పట్టుకుంది. ఎక్కించేవాళ్లు ఎవరైనా మంచి ఉద్దేశంతో దాన్ని 11.00 చేసేస్తే ఆ కాపలా పోతుంది. మాలో ఒకరు మూడు పేజీలు అలాగే చేశారు. పోలికలో ఆ వరుసలన్నీ ఆరేసి గంటలు తేడా చూపిస్తే అప్పుడు దొరికాయి. డిట్టో గీతల్ని షీట్‌లోనూ గీతలుగానే ఎక్కించి, పైవరుస విలువను పక్క గడిలో వేయడం మంచిది.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. మీ దగ్గర వచ్చిన, వెళ్లిన టైములు లేవు, మొత్తం గంటల నిలువు వరుస ఒక్కటే ఉందనుకోండి. 8.45 అంటే నిమిషాలా, దశాంశమా ఎలా తెలుస్తుంది? బయోమెట్రిక్ మెషిన్ల నుంచి తీసిన కొన్ని రిపోర్టుల్లో నిజంగానే దశాంశ గంటలు ఉంటాయి. వాటిని నిమిషాలనుకుంటే తప్పు తలకిందులవుతుంది, అక్కర్లేని చోట కలిపేస్తాం. చుక్క తర్వాతి అంకెలన్నిటినీ ఒక జాబితాగా రాసుకుని చూడండి. వాటిలో 60 నుంచి 99 మధ్యవి తరచుగా ఉంటే అది దశాంశం, ఎందుకంటే నిమిషాలు 59 దాటవు. ఇరవై ముప్పై వరుసల్లో 59 దాటింది ఒక్కటీ లేకపోతే, పైగా 15, 45, 40 లాంటివి కనిపిస్తుంటే అది నిమిషాలు. 25, 50, 75 మాత్రమే ఉంటే దశాంశం, పావుగంటలకు సవరించి రాసింది. 00, 50 తప్ప ఇంకేమీ లేకపోతే దశాంశమేనని అనిపిస్తుంది, కానీ పని చేసినవాళ్లను అడగకుండా తేల్చొద్దు. "మీరు ఎనిమిదిన్నరకు దిగుతారా, ఎనిమిదీ యాభైకా" అంటే చెప్పేస్తారు.

59 దాటినది ఎప్పుడో ఒకటి కనిపిస్తే మాత్రం తొందరపడకండి. అది ఓసీఆర్ తప్పు కావచ్చు. మాకు 9.35 కాస్తా 9.85గా వచ్చింది, మూడు ఎనిమిదిలా కనబడి. లేదా మేస్త్రీ తీసివేతను క్యాలిక్యులేటర్ మీద చేసి ఉండొచ్చు. మంగళవారం చూడండి. రైల్వే టైంలో 14.00 లోంచి 5.10 తీస్తే క్యాలిక్యులేటర్ 8.90 అంటుంది. అసలు సమాధానం 8 గంటల 50 నిమిషాలు. అప్పు తీసుకున్న ప్రతిసారీ అరవై బదులు వంద తీసుకుంటుంది కాబట్టి 40 ఎక్కువ కనిపిస్తుంది. మస్టర్ కాగితం మీదే స్పష్టంగా 8.90 ఉంటే దాన్ని దిద్దకండి. ఆ పేజీ లెక్క ఎలా కట్టారో చెప్పే సాక్ష్యం అదే.

నిమిషాలన్నీ సరిచూసుకున్నాక చివరి మార్పు తేలిక. దశాంశ గంటలు కావాలంటే నిమిషాలను 60తో భాగించాలి. కూలి రేటుతో గుణించడానికి పనికొచ్చేది అదే. 3335 నిమిషాలు అంటే 55.583 గంటలు. రోజువారీ అంకెలను సవరించకుండా, మొత్తం కూడాకే సవరించాలి. గంటలు, నిమిషాలుగానే చూపించాలంటే ఎక్సెల్ టైం విలువగా మార్చాలి. ఎక్సెల్‌కు ఒక రోజు అంటే 1, కాబట్టి నిమిషాలను 1440తో భాగించాలి:

```
=SUM(G2:G7)/1440
```

ఈ గడికి మామూలు `h:mm` ఫార్మాట్ ఇస్తే 7:35 అని కనిపిస్తుంది. యాభై అయిదు గంటలు ఏమయ్యాయి? ఎక్సెల్ పూర్తి రోజుల్ని దాచేసి గడియారంలో మిగిలిందే చూపిస్తుంది. రెండు రోజులంటే 48 గంటలు, అవి పోగా మిగిలింది 7:35. సరిగ్గా ఆమె ఓటీ కూడా అంతే. ఇది చూసి మాలో ఒకరు ఎక్సెల్ ఓటీని దానంతటదే లెక్కగడుతోందని నమ్మేశారు! 24కి రెండు రెట్లు 48 కావడం వల్ల వచ్చిన కాకతాళీయం మాత్రమే. పని 48 గంటల లోపే ఉన్న వారాల్లో అదే గడి అబద్ధం చెబుతుంది. 47 గంటలు చేసిన మనిషికి 23:00 చూపిస్తుంది. ఫార్మాట్‌ను `[h]:mm` చేస్తే 55:35 కనిపిస్తుంది. చదరపు బ్రాకెట్ల పని అదే, గంటల్ని రోజులుగా మడవొద్దని చెప్పడం.

వచ్చిన టైం, వెళ్లిన టైం కూడా పిటిషన్‌లో ఇవ్వాలంటే తేదీతో కలిపి, రైల్వే టైంలో రాయాలి. శనివారం షిఫ్టు మస్టర్‌లో ఒకే తేదీ కింద ఉన్నా, ఎక్కింది శనివారం 21:30కి, దిగింది ఆదివారం 07:00కి. దిగిన తేదీ ఒకటి ముందుకు జరగాలి. లేకపోతే డ్యూటీ ఎక్కకముందే దిగినట్టు అవుతుంది. మస్టర్‌లో 5.00 పొద్దునదా సాయంత్రందా అన్నది ఈ దశలో మనం నిర్ణయించాల్సి వస్తుంది. ఊహతో కాక షిఫ్టుల పట్టికతోనో, పని చేసినవాళ్ల మాటతోనో నిర్ణయించి, ఏ ఆధారంతో నిర్ణయించామో పక్కన రాయాలి.

మా షీట్ చివరికి ఇలా తయారైంది. ఎడమవైపు స్కాన్‌లో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా. పక్కన స్కాన్ పేజీ నంబరు. తర్వాత మేము చదివిన విలువ, దాని నిమిషాలు, దశాంశ గంటలు. చివర్లో ఎందుకు మార్చామో ఒక వాక్యం. అవతలి లాయరు ఏ గడిని వేలెత్తి చూపినా పేజీ తీసి చూపించగలగాలి. సొంతంగా దిద్దిన ఒక్క అంకె దొరికితే మిగతా షీటంతా అనుమానంలో పడుతుంది. మొదటి షీట్‌ను చించి పారేసి ఇది మొదలుపెట్టడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. పూర్తయ్యాక ఆ పెద్దామె దగ్గరికే మళ్లీ తీసుకెళ్లాం. ఆమె రోజులవారీగా చదివించుకుని, గురువారం దగ్గర ఆపి, "ముప్పావు వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాం.

కొన్ని గడులు ఎంత చూసినా అర్థం కాలేదు. సిరా అలుక్కుపోయింది, కొన్నిచోట్ల స్కాన్ చేసేటప్పుడు పేజీ మడత పడింది. వాటిని ఖాళీగా వదిలి, మొత్తంలో కలపకుండా, ఎన్ని ఉన్నాయో కింద రాశాం. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద కాపీలు తీసుకోవడమే కాదు, అసలు రిజిస్టర్‌ను వెళ్లి చూసే హక్కు కూడా ఉంది. సమాచారం కంప్యూటర్‌లో ఉంటే ఎలక్ట్రానిక్ రూపంలోనే అడిగే హక్కూ అందులోనే ఉంది. అడిగిన రూపంలోనే మామూలుగా ఇవ్వాలని సెక్షన్ 7(9) అంటుంది. మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు ఈ రెండూ మాకు తట్టలేదు. జీతాల బిల్లు తయారైన ఎక్సెల్ ఫైలు కావాలని ఒక దరఖాస్తు, ఆ ఖాళీ గడుల పేజీ నంబర్లు రాసి అసలు మస్టర్ తనిఖీ కోసం ఇంకో దరఖాస్తు ఇప్పుడు పెట్టాం.